విరామం తర్వాత ఉద్యోగం – 3వ పాఠం: ఫారం 11, పాత పెన్షన్ ఏళ్లు

గత పాఠంలో పాత పీఎఫ్ ఖాతాల నంబర్లన్నీ వెతికి ఒకచోట రాసుకున్నాం. ఈ పాఠం ఒకే కాగితం గురించి. కొత్త సంస్థలో చేరిన మొదటి వారం గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాల పత్రాల మధ్యలో ఫారం 11 కూడా పెట్టి సంతకం చేయమంటారు. చాలామంది చదవకుండానే చేసేస్తారు. అందులో రెండు ప్రశ్నలుంటాయి: ఇంతకుముందు మీరు ఉద్యోగుల భవిష్య నిధి పథకంలో సభ్యులా? 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో సభ్యులా? మీ పాత పెన్షన్ ఏళ్లు బతుకుతాయో పోతాయో రెండో ప్రశ్నకు మీరిచ్చే జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

కారణం ఇది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి మూలవేతనం, కరవు భత్యం కలిపి 15,000 రూపాయలు దాటితే పెన్షన్ పథకంలో చోటు లేదు. యజమాని వాటా 12 శాతం పూర్తిగా పీఎఫ్‌లోకే వెళ్తుంది. అంతకుముందే పెన్షన్ సభ్యులై, ఆ డబ్బును వెనక్కి తీసుకోనివారికి మాత్రం సభ్యత్వం కొనసాగుతుంది. ఇన్నేళ్ల తర్వాత చేరుతున్నారు కాబట్టి హెచ్‌ఆర్ వాళ్లు మిమ్మల్ని కొత్తవారనుకోవడం సహజం. అడిగి చెప్పించుకునే అలవాటు వారికి లేకపోతే ఆ గడిలో ‘కాదు’ అనే పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. 44 ఏళ్ల ఉద్యోగిని. 2005 జూలై నుంచి 2012 డిసెంబర్ దాకా, అంటే ఏడున్నర ఏళ్లు పనిచేశారు. పిల్లలు, అత్తగారి అనారోగ్యం, భర్త బదిలీలు కలిసి 13 ఏళ్లు ఇంట్లో గడిచాయి. ఇప్పుడు 40,000 మూలవేతనంతో మళ్లీ చేరారు. 58 నిండడానికి ఇంకా 14 ఏళ్లుంది.

పెన్షన్ సూత్రం చిన్నదే: పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతానికి పరిమితి 2014 ఆగస్టు దాకా 6,500, ఆ తర్వాత 15,000. పాత ఏడున్నర ఏళ్లకు సుమారు 700 రూపాయలు, రాబోయే 14 ఏళ్లకు 3,000 వస్తాయి. మొత్తం సర్వీసు 20 ఏళ్లు దాటుతుంది కాబట్టి రెండేళ్లు అదనంగా కలుపుతారు. అంతా కలిపి నెలకు నాలుగు వేల దరిదాపుల్లో.

నాలుగు వేలేనా అనిపించవచ్చు. కానీ దానికోసం యజమాని వాటాలోంచి మళ్లేది నెలకు 1,250 మాత్రమే. అదే 1,250ని 14 ఏళ్లు పీఎఫ్‌లో 8.25 శాతం వడ్డీకి ఉంచితే దాదాపు 3.9 లక్షలవుతుంది. ఆ మొత్తంతో యాన్యుటీ, అంటే ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం ఆదాయం తీసుకునే పథకం, ఏటా 6 శాతం ఇచ్చేది కొంటే నెలకు రెండు వేల లోపే. పైగా పెన్షన్ పథకంలో భర్తకు, పిల్లలకు కుటుంబ పెన్షన్ హక్కు ఉంటుంది. అందుకే, అర్హత ఉంటే సభ్యత్వాన్ని వదులుకోవద్దనే నేను చెబుతాను.

మరి అర్హత ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? ఉద్యోగం మానేసినప్పుడు డబ్బు తీసుకున్నారా అన్నదే అసలు ప్రశ్న. పీఎఫ్ కోసం ఫారం 19, పెన్షన్ కోసం ఫారం 10సి వేరువేరుగా పెడతారు, డబ్బు కూడా బ్యాంకులో రెండు విడివిడి జమలుగా పడుతుంది. ఆనాటి పాస్‌బుక్ తీసి చూడండి. ఒకే జమ కనిపిస్తే పెన్షన్ వాటా ఇంకా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ, పీఎఫ్ కార్యాలయంలో నిర్ధారించుకోండి. ఫారం 10సితోనే డబ్బుకు బదులు, మీ పెన్షన్ సర్వీసును రాసిచ్చే స్కీమ్ సర్టిఫికెట్ కూడా కోరవచ్చు. అది తీసుకుని ఉంటే మీ ఏళ్లు భద్రం. రెండు జమలూ కనిపించి, రెండోది 10సి డబ్బేనని తేలితే ఆ ఏళ్లు తీరిపోయినట్టే, అప్పుడు ఫారం 11లో నిజమే రాయాలి. తీసుకున్న సంగతి దాచి ‘సభ్యురాలినే’ అని రాస్తే నెలనెలా 1,250 తప్పు ఖాతాకు మళ్లి, పదవీ విరమణ నాడు పెన్షన్ దరఖాస్తు తిరిగొస్తుంది.

చేరిన రెండు నెలలకు మీ యూఏఎన్‌తో, అంటే ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబర్‌తో, పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. మూడు నిలువు వరుసలుంటాయి. మన ఉదాహరణలో పూర్తి జీతం మీద కోత వేసే సంస్థ అయితే ఉద్యోగిని వాటా 4,800, యజమాని వాటా 3,550, పెన్షన్ వాటా 1,250 కనిపించాలి. పెన్షన్ వరుసలో సున్నా ఉంటే ఫారం 11 తప్పుగా పోయిందన్నమాట. ఆ నెలే హెచ్‌ఆర్‌కు లిఖితపూర్వకంగా చెప్పండి. నాలుగేళ్ల తర్వాత సరిదిద్దాలంటే ప్రతి నెల చలానూ తిరగతోడాల్సి వస్తుంది.

పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసినప్పుడు ఒక భయం అందరికీ కలుగుతుంది: పీఎఫ్ డబ్బు వచ్చింది, పెన్షన్ డబ్బు రాలేదు! అది రాదు కూడా. పెన్షన్ విషయంలో కదిలేది సర్వీసు వివరాలే, వాటిని అనెక్షర్ కె అనే పత్రంలో చూపిస్తారు. మీరు సరిచూడాల్సింది అందులోని చేరిన తేదీ, మానేసిన తేదీ. బదిలీ ఆగిపోవడానికి మన దగ్గర పెద్ద కారణం ఇంటి పేరు. పాత రికార్డులో పుట్టింటి ఇంటి పేరు, ఆధార్‌లో అత్తింటిది. జాయింట్ డిక్లరేషన్ పెట్టి ముందు పేరు సరిచేయించుకుని ఆ తర్వాతే బదిలీ అడగండి.

ఇక మధ్యలో పోయిన 13 ఏళ్లు. వాటిని డబ్బు కట్టి కొనుక్కునే వీలు పెన్షన్ పథకంలో లేదు. అయితే అసలు లోటు అక్కడ లేదు. 13 ఏళ్లకు పోయిన పెన్షన్ నెలకు సుమారు 2,600. ఆ కాలంలో ఉద్యోగిని, యజమాని వాటాలు కలిసి పీఎఫ్‌లో సగటున నెలకు 4,000 పడి ఉండేదనుకుందాం. ఎనిమిదిన్నర శాతం లెక్కన అది ఇప్పటికి 11 లక్షలయ్యేది, ఇంకో 14 ఏళ్లకు 34 లక్షలకు చేరేది. 6 శాతం యాన్యుటీ లెక్కలో నెలకు 17,000. పూడ్చాల్సిన గొయ్యి ఇదీ. పెన్షన్ లోటు అనగానే అందరూ పెన్షన్ పథకం వైపే చూస్తారు, పీఎఫ్ నిధిలో పడిన ఈ ఖాళీ కంటబడదు.

34 లక్షలు 8.25 శాతంతో చేరాలంటే నెలకు సమానంగా 10,800 వేయాలి. తిరిగి చేరిన మొదటి ఏడాది జీతంలో అది బరువే. ఏటా 10 శాతం పెంచుతూ పోతే 6,300తో మొదలుపెట్టవచ్చు. చివరి ఏడాదికి అది 21,000 దాటుతుందన్నది మరచిపోవద్దు, అప్పటికి జీతం కూడా పెరిగి ఉండాలి. ఆ 6,300ని స్వచ్ఛంద పీఎఫ్‌గా కోత వేయమని హెచ్‌ఆర్‌కు రాసివ్వవచ్చు. చాలా సంస్థలు ఏడాదికి ఒకసారే ఈ మార్పు అనుమతిస్తాయి, కాబట్టి ఆ తేదీ అడిగి తెలుసుకోండి. మీ వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే పైమొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను పడుతుంది. మన ఉదాహరణలో మొదటి ఏడాది అది 1.33 లక్షలే, కోత పెరిగేకొద్దీ చివరి ఏళ్లలో ఆ పరిమితి దాటుతుంది.

ఆ 6,300 మొత్తం పీఎఫ్‌లోనే వేయాలా, కొంత ఇండెక్స్ ఫండ్‌కు, కొంత యజమాని ద్వారా ఎన్‌పీఎస్‌కు మళ్లించాలా అన్నది వచ్చే పాఠం. ఈలోగా పాత బ్యాంకు పాస్‌బుక్‌లో ఆ రెండు జమలు వెతకండి, సంస్థకు ఇచ్చిన ఫారం 11 నకలు అడిగి తెచ్చుకోండి. పై సూత్రంలో మీ ఏళ్లు పెట్టి లెక్క వేసి ఉంచండి, వచ్చే పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.