చీర రంగు మారకుండా: ఎడిటర్‌కి రాసే ఉత్తరం

చీరల షాపు వీడియోలో ముందు దెబ్బతినేది రంగు. అందంగా ఉంటుందని ఎడిటర్ ఫిల్టర్ వేస్తే చిలకాకుపచ్చ కాస్తా ముదురు పచ్చవుతుంది, చీర అందుకున్నవాళ్లు "వీడియోలో చూసింది ఇది కాదు" అంటారు. "కలర్స్ బాగుండాలి" అన్న ముక్క తీసేసి ఉత్తరం ఇలా మార్చాక ఆ గొడవ తగ్గింది.

"ఎడిటర్ గారికి నమస్తే. దసరాకి 6 మంగళగిరి కాటన్ చీరలతో 30 సెకన్ల నిలువు వీడియో కావాలి, 1080×1920. క్లిప్పులు డ్రైవ్‌లో పెట్టాను. ప్రతి చీర మొదటి షాట్‌లో పక్కన తెల్ల కాగితం ఉంది. అది తెల్లగా కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సరిచేయండి, ఆపైన ఫిల్టర్ వద్దు. ధర మరీ కిందికి పెట్టకండి, రీల్స్‌లో అక్కడ క్యాప్షన్ వచ్చి కప్పేస్తుంది. సినిమా పాట వద్దండీ, వ్యాపారానికి లైసెన్స్ ఉన్న సంగీతమే వాడండి.

సంగీతంతో కలిపి 6,000 రూపాయలు. సగం ఇప్పుడు, సగం ఫైనల్ ఫైలు అందాక. రెండు విడతల మార్పులు ఇందులోనే, మూడో విడతకి 500. మొదటి కట్ సెప్టెంబరు 20కి పంపండి. మార్పులన్నీ ఒకేసారి రాసి 22లోపు ఇస్తాను. ఫైనల్ 25కి కావాలి."

కాగితం కూడా చీర మీద పడే వెలుగులోనే ఉండాలి. ఒకవైపు ట్యూబ్‌లైటు, ఇంకోవైపు గుమ్మంలోంచి ఎండ పడితే కాగితం సగం నీలంగా, సగం పసుపుగా కనిపిస్తుంది. అలాంటి క్లిప్పుని ఏ ఎడిటరూ పూర్తిగా సరిచేయలేడు. లైటు ఆర్పి, గుమ్మం వెలుగులోనే మళ్లీ తీయాలి.