చేతిపనికి ధర కట్టడం – 3వ పాఠం: గంటల లెక్క

కిందటి పాఠంలో శ్రీకాళహస్తి అక్క చేసే కలంకారీ దుపట్టాకు సామాను ఖర్చు తేల్చాం. బట్ట, పాలు, కరక్కాయ, పటిక, రంగులు, పొయ్యి కట్టెలు అన్నీ కలిపి ఒక్కోదానికి 430 రూపాయలు వచ్చింది. మీ లెక్క వేరుగా ఉంటుంది, అదే పద్ధతిలో మీ అంకెలు వేసుకోండి. ఈ పాఠం అంతా గంటల గురించే. నేను చూసినంతలో చేతిపనివాళ్ల ధర తప్పేది సామాను దగ్గర కాదు, ఇక్కడే.

అక్కను అడిగితే, "ఒక దుపట్టా అంటే రెండు రోజుల పనేగదమ్మా" అంది. రోజు కూలి 560 అనుకుంటే రెండు రోజులకు 1120, దానికి సామాను 430 కలిపి 1550కి అమ్ముతోంది. అడిగినవాళ్లందరూ కొంటున్నారు, చేతిలో మాత్రం డబ్బు నిలవడం లేదు.

రెండు రోజులు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. కలంకారీలో పని ఒక్క పట్టున సాగదు. బట్టను పాలు, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. చింతబరికె బొగ్గుతో బొమ్మ గీసి, బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి చేసిన నల్ల రంగుతో గీతలు దిద్దాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి వదిలేయాలి. తర్వాత పారే నీళ్లలో ఉతికి, ఎర్ర రంగులో ఉడికించి, మళ్లీ పాలు పట్టించి, అప్పుడు పసుపు, నీలం వేయాలి. మధ్య మధ్యలో ఎండడానికే రోజులు పోతాయి. బట్ట ఎండలో ఉన్నంతసేపు మనిషి ఖాళీనే, ఆ సమయం కూలిలోకి రాదు. కానీ పని పది ముక్కలుగా చీలిపోవడం వల్ల చెయ్యి ఆడిన సమయం ఎంతో గుర్తుండదు. గుర్తున్నది ఎప్పుడూ గీత గీసిన సమయమే, ఎందుకంటే మనసు పెట్టి చేసేది అది.

అందుకే అక్క చేత ఒక నోట్‌బుక్ పెట్టించాను. పనికి కూర్చున్నప్పుడు గడియారం చూసి ఒక అంకె, లేచినప్పుడు ఇంకో అంకె. సాయంత్రం గుర్తు చేసుకుని రాస్తే పనికి రాదు. పుస్తకంలో అన్నీ గంట, రెండు గంటలు అని నిండు అంకెలే ఉంటే అది జ్ఞాపకం మీద రాసిందని తెలిసిపోతుంది. నిజంగా గడియారం చూసి రాస్తే 40 నిమిషాలు, 25 నిమిషాలు లాంటివి కనబడతాయి.

అక్క ఆరు దుపట్టాలు ఒక విడతగా చేస్తుంది. విడతంతటికీ కలిపి చేసే పనులను ఆరుతో భాగించాలి. మొదటిసారి పాలు పట్టించడానికి విడతకు 3 గంటలు, అంటే ఒక్కోదానికి 30 నిమిషాలు. ఉతుకుడు, రానూపోనూ కలిపి 4 గంటలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఉడికించడం 30, రెండోసారి పాలు 20. ఇక దేనికదే విడిగా చేసేవి: బొమ్మ, నల్ల గీత 5 గంటలు, పటిక గంటన్నర, మిగతా రంగులు 3 గంటలు, చివరి ఉతుకుడు, ఇస్త్రీ, అంచులు 1 గంట. మొత్తం పన్నెండున్నర గంటలు. గంటకు 70 కూలి (560ని 8తో భాగిస్తే) అనుకుంటే 875 రూపాయలు.

అక్క తన లెక్కలో రెండు రోజులకు 1120 వేసుకుంది కదా, ఇది అంతకన్నా తక్కువే, మరి నష్టం ఎక్కడ అని మీకు అనిపించాలి. అక్కడికే వస్తున్నాను.

నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 208 గంటలు. అక్క నోట్‌బుక్‌లో దుపట్టా మీద చెయ్యి పడిన గంటలు 120 మాత్రమే. ఇంకో 60 గంటలు తిరుపతికి వెళ్లి సామాను తేవడం, ఫోన్‌లో కొనేవాళ్లకు ఫొటోలు పంపడం, బేరాలు, పార్సిల్ కట్టడం. మిగిలినవి వానకో, పండగకో పోయాయి. ఆ 60 గంటలూ పనే. అవి లేకపోతే ఒక్క దుపట్టా కూడా అమ్ముడు పోదు. కానీ ఏ ఒక్క దుపట్టాకూ చెందవు కాబట్టి ఎవరూ లెక్కేయరు.

దీనికి తోడు నెల ఖర్చులున్నాయి. షెడ్డు అద్దె 1500, కరెంటు 300, ఫోన్ 300, బస్సు చార్జీలు 500, స్టాల్ అద్దెల సగటు 900. ఉడికించే గంగాళం 6000 పెట్టి కొన్నది ఐదేళ్లు వస్తుందనుకుంటే నెలకు 100. మొత్తం 3600. దీనికి ఆ 60 గంటల కూలి 4200 కలిపితే 7800.

ఈ 7800ని దేనితో భాగించాలి? చాలామంది 208తో భాగిస్తారు. డబ్బు తెచ్చేది చేతిపని గంటలే, కాబట్టి 120తోనే భాగించాలి. గంటకు 65 వస్తుంది. కూలి 70కి అది కలిపితే అక్క చేతిపని గంట నిజమైన ఖరీదు 135. పన్నెండున్నర గంటలకు 1687.50, సామాను 430 కలిపితే 2117.50.

ఇంకొక్కటి. పన్నెండు దుపట్టాల్లో ఒకటి రంగు పాకి పాడవుతుంది. పాడైనదాని సామానే కాదు, దాని మీద పెట్టిన గంటలు కూడా మిగతా పదకొండే మోయాలి. 2117.50ని 12తో గుణించి 11తో భాగిస్తే 2310. లాభం ఇంకా కలపలేదు, ఇది అసలు మాత్రమే.

1550కి అమ్మినప్పుడు అక్కకు నిజంగా ఎంత మిగిలింది? పన్నెండు చేసి పదకొండు అమ్మితే 17,050 వస్తుంది. సామానుకు 5160, నెల ఖర్చులు 3600ని 120తో భాగిస్తే వచ్చే గంటకు 30 చొప్పున 150 గంటల వాటాకు 4500 పోతే 7390. ఆ పన్నెండింటికి చేతిపని 150 గంటలు, 120కి 60 పాళ్లలో సామాను, బేరాల తిరుగుళ్లు 75 గంటలు. గంటకు 33 రూపాయలు కూడా పడలేదు. డెబ్బై అనుకుని సగం కూలికి పని చేస్తోంది. ఈ అంకె చూపించినప్పుడు అక్క చాలాసేపు మాట్లాడలేదు.

2310 ఎవరిస్తారు అంటే, ఇవ్వనివాళ్ల కోసం కూలి తగ్గించుకోకండి, గంటలు తగ్గించండి. మధ్యలో బొమ్మలు తీసేసి అంచుకే పని పెడితే గీత 5 గంటల నుంచి 3కి వస్తుంది. రెండు గంటలు తగ్గితే ధరలో దాదాపు 295 తగ్గుతుంది. అది వేరే సరుకు, వేరే ధర. యంత్రంతో అచ్చు వేసిన బట్ట పక్కన మాత్రం మీ ధర పెట్టి చూసుకోకండి, దాని మీద ఈ గంటలు లేవు.

ఒక నెల లెక్కనే నమ్మొద్దు. మన దగ్గర నవంబరులో ముసురు పడితే బట్ట ఎండదు, చేతిపని గంటలు 80కి పడిపోవచ్చు. అప్పుడు గంటకు ఖర్చుల వాటా 65 కాస్తా 97 దాటుతుంది. ఎండాకాలంలో స్వర్ణముఖిలో నీళ్లు లేకపోతే పొలం బోరు దగ్గర డబ్బిచ్చి ఉతకాలి. అలాగని నెలకో ధర చెప్పలేం. కనీసం ఒక వాన నెల, ఒక ఎండ నెల రాసి సగటు తీయండి.

ఈ వారం పని: మీరు చేసే ఒక్క వస్తువు తీసుకుని, పై పద్ధతిలో గంటలు రాయండి. వేరే పేజీలో తిరుగుళ్ల గంటలు రాయండి. రెండూ కలపొద్దు. వచ్చే పాఠంలో 2310 మీద లాభం ఎంత వేయాలో, అంగడివాళ్లు నూటికి 30 కమిషన్ అడిగితే ధరకు 30 శాతం కలిపితే ఎందుకు చాలదో చూద్దాం.