పైరు కమ్ముకున్నాక NDVIని నమ్మకండి

మొక్కజొన్న ఆకులు నేలను పూర్తిగా కప్పేశాక, ఉపగ్రహ చిత్రాల నుంచి పైరు పచ్చదనాన్ని కొలిచే NDVI సూచిక దాదాపు కదలదు. ఎరుపు కాంతిని పైఆకులే పీల్చేస్తాయి కాబట్టి, నత్రజని తగ్గినా ఆ తేడా అందులో సరిగా కనిపించదు. అప్పుడు సెంటినెల్-2 ఉపగ్రహంలో ఎరుపుకూ సమీప పరారుణానికీ మధ్యనున్న రెడ్ ఎడ్జ్ బ్యాండు B5 వాడండి:

```
NDRE = (B8A - B5) / (B8A + B5)
```

ఒక ఊహా ఉదాహరణ చూడండి. సమీప పరారుణ బ్యాండు B8Aలో పరావర్తనం రెండు చోట్లా 0.45 అనుకుందాం. పచ్చని చోట ఎరుపు బ్యాండు B4 0.03, B5 0.10, పాలిపోయిన చోట 0.035, 0.14. పై సూత్రంలో B5 బదులు ఈ B4తో లెక్కిస్తే NDVI 0.88 నుంచి 0.86కు మాత్రమే జారుతుంది. NDRE మాత్రం 0.64 నుంచి 0.53కు పడిపోతుంది!

B8A, B5 బ్యాండ్ల పిక్సెల్ 20 మీటర్లు. గట్టు తగిలే అంచు పిక్సెళ్లను తప్పక తీసేయండి, లేకపోతే గట్టు ప్రభావాన్నే పోషక లోపంగా పొరబడతారు. నేల ఇంకా కనిపించే తొలి వారాల్లో ఏ సూచికలోనైనా మట్టి కలుస్తుంది.