టైరు ఇంకెన్ని కిలోమీటర్లు వస్తుందో ఫొటోతో లెక్క

ఆటోనగర్‌లో ఏ షాపులో అడిగినా "మార్చేయండి సార్" అనే అంటారు. కారు టైరు గాడి అడుగున అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది, ఎత్తు 1.6 మి.మీ. అరుగుదల ఆ దిమ్మ దాకా వస్తే టైరు అయిపోయినట్టే. సైడ్‌వాల్‌పై TWI గుర్తుకి ఎదురుగా వెతకండి.

ఫోన్ కిందకి దించి, గాడి గోడ, దిమ్మ రెండూ కనపడేలా ఫొటో తీసి జూమ్ చేయండి. దిమ్మ పైన మిగిలిన గోడ, దిమ్మ ఎత్తుకి ఒకటిన్నర రెట్లుంటే మిగిలింది 2.4 మి.మీ.

కొత్తప్పుడు లోతు 8 మి.మీ., ఇప్పటిదాకా తిరిగింది 32,000 కి.మీ. అనుకుందాం. దిమ్మ 1.6 కలిపితే ఇప్పుడు లోతు 4. అంటే 32,000 కి.మీ.కి 4 మి.మీ. అరిగింది, మి.మీ.కి 8,000. మిగిలిన 2.4 మి.మీ.కి ఇంకా సుమారు 19,000 కి.మీ. వస్తుంది, వానాకాలం పట్టు మాత్రం ముందే తగ్గుతుంది.

అలైన్‌మెంట్ తప్పితే లోపలి అంచు ముందు అరగొచ్చు, అది బయటి ఫొటోలో తెలీదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి అక్కడా తీసి, తక్కువున్న లోతుతోనే లెక్కేయండి.