‘ఎంక్వైరీకే, పొద్దున్నే పంపేస్తాం’ అంటే నమ్మి కూర్చోకండి: హెబియస్ కార్పస్ జాగ్రత్తలు

పోయిన వారం ఒక తల్లి వచ్చారు. సోమవారం రాత్రి 11 గంటలకు మఫ్టీలో వచ్చినవాళ్లు ఆమె కొడుకును జీపెక్కించుకుపోయారు. ‘ఎంక్వైరీకే, పొద్దున్నే పంపేస్తాం’ అన్నారట. మంగళ, బుధవారాలు ఆమె స్టేషన్ గేటు దగ్గరే కూర్చున్నారు. గురువారం సాయంత్రం కుర్రాణ్ని రిమాండ్‌కి పంపారు. రిమాండ్ రిపోర్టులో అరెస్టు గురువారం ఉదయం 9 గంటలకు, బస్టాండ్ దగ్గర అని ఉంది. ఆ మూడు రాత్రులు కాగితం మీద ఎక్కడా లేవు.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. అది మీరితే, పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను 226వ అధికరణం కింద హైకోర్టులో వేయొచ్చు. కానీ మేజిస్ట్రేట్ రిమాండ్ ఉత్తర్వు ఇచ్చేశాక, ఆ ఉత్తర్వు మరీ చట్టవిరుద్ధమైతే తప్ప, కోర్టు ‘బెయిల్ అడుక్కోండి’ అనే అంటుంది. అంటే ఈ తలుపు తెరిచి ఉండేది రిమాండ్ దాకానే. గేటు దగ్గర ఎదురుచూస్తూ ఆ సమయాన్ని పోగొట్టుకున్న కుటుంబాలనే నేను ఎక్కువగా చూశాను.

అందుకని ఆ రాత్రే టైమును రాతలో పెట్టండి. ఒకప్పుడు టెలిగ్రాం ఇచ్చేవాళ్లు, 2013లో ఆ సేవ ఆగిపోయింది. ఇప్పుడు ఎస్పీకో కమిషనర్‌కో ఈమెయిల్ పంపండి, డీజీపీకి కాపీ పెట్టండి. ఎవర్ని, ఎన్ని గంటలకు, ఎక్కడినుంచి, ఏ బండిలో తీసుకెళ్లారు, ఎవరు చూశారు అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. తెలియనిది ఊహించి రాయొద్దు, ఒక్క తప్పు దొరికితే మిగతాదంతా అనుమానంలో పడుతుంది.

పిటిషన్‌కి ఖైదులో ఉన్న మనిషి సంతకం అక్కర్లేదు. భార్య, తల్లి, స్నేహితుడు ఎవరైనా అఫిడవిట్‌తో వేయొచ్చు. అదే రోజు వినాలంటే లంచ్ మోషన్, సెలవురోజైతే హౌస్ మోషన్ అడగమని లాయర్‌కి చెప్పండి. డబ్బు లేకపోతే న్యాయసేవల నంబరు 15100.

ఇక ఇవి:
- స్టేషన్‌కి వెళ్లేముందే ఈమెయిల్ పంపండి.
- పక్క షాపు సీసీ కెమెరా రికార్డింగ్ తెల్లారేసరికి కాపీ చేసుకోండి, కొత్తది ఎక్కితే పాతది పోతుంది.
- స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరచమని పిటిషన్‌లోనే అడగండి. స్టేషన్లన్నిటిలో కెమెరాలుండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది.
- తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు.
- మధ్యవర్తికి డబ్బివ్వొద్దు.
- ‘కేసు వేస్తే మీవాడికే నష్టం’ అన్నా ఆగొద్దు. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో అదీ రాయండి.
- టైము రాయండి. మళ్లీ చెబుతున్నా, ఆ రాత్రే రాయండి.
- రిమాండ్‌కి తెచ్చినప్పుడు మేజిస్ట్రేట్‌కి మీవాడే నోరు తెరిచి చెప్పాలి: ‘నన్ను సోమవారం రాత్రి పట్టుకొచ్చారు. కొట్టారు.’ దాన్ని రికార్డు చేయమని లాయర్ అక్కడికక్కడే అడగాలి.