తప్పిపోయినవారి ఫొటోను పరీక్షించడం – 3వ పాఠం: ఆ ఫొటో మొదట ఎక్కడ కనిపించింది?

ఫొటోను గూగుల్ లెన్స్‌కు ఇచ్చి వెతకడం గత పాఠంలో చూశాం. వచ్చిన ఫలితాలను ఎలా చదవాలన్నది ఈ పాఠం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

అమెరికా, బ్రిటన్‌లలోని ఊరి ఫేస్‌బుక్ గ్రూపుల్లో తరచుగా కనిపించే ఒక పోస్టును తీసుకుందాం. టెక్సస్‌లోని ప్లేనో, ఫ్రిస్కో వంటి చోట్ల ఉంటున్న తెలుగువారికీ ఇది పరిచయమే అయివుంటుంది. కారు గుద్ది వెళ్లిపోతే రోడ్డు పక్కన పడివున్న కుక్కను వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లామని, దాని ఒంట్లో గుర్తింపు చిప్ లేదని, యజమానికి చేరేలా షేర్ చేయమని అందులో రాసివుంటుంది. కామెంట్లు మూసివుంటాయి. వందల మంది షేర్ చేశాక మోసగాడు అదే పోస్టును సవరించి, కుక్క స్థానంలో చవక అద్దె ఇంటి ప్రకటననో, డబ్బు ఆశచూపే లింకునో పెడతాడు. షేర్ చేసినవారి పేర్లు మాత్రం అలాగే ఉండిపోతాయి కనుక, వారి స్నేహితులకు ఆ ప్రకటన తెలిసినవారు సిఫారసు చేసినట్టే కనిపిస్తుంది.

సాధన కోసం ఒక సందర్భాన్ని కల్పించుకుందాం. మీ ఊరి గ్రూపులో, నీలం తువాలు మీద పడుకున్న గోధుమరంగు కుక్క ఫొటోతో ఇలాంటి పోస్టు వచ్చింది. స్క్రీన్‌షాట్ తీస్తే పోస్టులోని అక్షరాలు కూడా వెతుకులాటలో చేరి ఫలితాలను పక్కదారి పట్టిస్తాయి కనుక, వీలైతే ఫొటోనే భద్రపరచుకోండి, లేకుంటే చుట్టూ ఉన్నదంతా కత్తిరించి ఫొటోను మాత్రం మిగుల్చుకోండి. లెన్స్‌లో వెతికితే గోధుమరంగు కుక్కలు పదుల సంఖ్యలో వస్తాయి. అవి ఆ జాతి కుక్కలే తప్ప ఆ ఫొటో కాదు. కొత్తవారు ఇక్కడే తొందరపడి "దొంగ ఫొటో" అని తేల్చేస్తారు. కుక్కను కాదు, దాని చుట్టుపక్కలను పోల్చండి: తువాలు మడతలు అవే మడతలా, నేలమీది పలకల గీత చెవి పక్కగా అదే చోట సాగుతోందా, నీడ అటువైపే పడిందా? ఒకే కుక్కకు రెండుసార్లు తీసిన ఫొటోల్లో కూడా మడతలు అలాగే ఉండవు. లెన్స్‌లో Exact matches అనే విభాగం కనిపిస్తే ముందుగా దాన్నే తెరవండి.

తరువాత అదే ఫొటోను, ఫొటోలను వెతికిపెట్టే మరో సైటు TinEye కు ఇచ్చి, ఫలితాల వరుసను Oldest కు మార్చండి. 2019 నాటి ఫలితం ఒకటి వచ్చి, అది మరో దేశపు జంతు సంరక్షణ కేంద్రం పేజీకి దారితీసిందనుకుందాం. నిన్న ప్లేనోలో దొరికిన కుక్క 2019లో మరో దేశంలో అదే తువాలు మీద పడుకుని ఉండదు కదా! అయితే ఆ తేదీ TinEye ఆ ఫొటోను మొదటిసారి చూసిన తేదీ మాత్రమే. ఫొటో అంతకన్నా పాతదై ఉండవచ్చు, కొత్తది మాత్రం కాదు.

ఏమీ దొరకకపోతే ఫొటో నిజమైనదని అర్థం కాదు. మూసివున్న గ్రూపుల్లోని ఫొటోలు ఈ యంత్రాలకు కనబడవు. మోసగాళ్లు ఫొటోను కుడిఎడమలుగా తిప్పి వాడడం కూడా ఉంది కనుక, తిప్పి మరోసారి వెతకండి. ఆపైన పోస్టులోని మాటలనే కొటేషన్ గుర్తుల్లో పెట్టి, గూగుల్‌లో ఫేస్‌బుక్ పరిధికి మాత్రం వెతకండి:

```
"hit and run" "not chipped" site:facebook.com
```

అవే వాక్యాలు ఊరి పేరు మాత్రం మారి కనిపిస్తే, ఫొటో సంగతి తేలకపోయినా పోస్టు సంగతి తేలినట్టే. పోస్టు మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కితే View edit history కనిపించవచ్చు. అద్దె ఇంటి ప్రకటన ఒకప్పుడు కుక్క పోస్టు అన్న సంగతి అక్కడ బయటపడుతుంది.

పిల్లల ఫొటో విషయంలో ఈ తర్కాన్ని యథాతథంగా వాడకూడదు. నిజంగా తప్పిపోయిన బిడ్డ ఫొటో కూడా కుటుంబం, పోలీసులు, పత్రికల ద్వారా అనేక చోట్ల ఉంటుంది కనుక, మరోచోట కనిపించడం మోసానికి రుజువు కాదు. అన్నిటికన్నా పాత పేజీని తెరిచి, అందులోని పేరు, ఊరు, తేదీ మీకు వచ్చిన సందేశంతో సరిపోతున్నాయో లేదో, బిడ్డ దొరికినట్టు తరువాతి వార్త ఏదైనా ఉందో లేదో చూడండి. వివరాలు పొసగకపోతే సందేశంలోని నంబరుకు ఫోన్ చేయకండి, పోలీసుల అధికారిక సైటులో ఉన్న నంబరుకే చేయండి. మన దేశంలో అయితే 112 గానీ, పిల్లల సహాయవాణి 1098 గానీ ఉన్నాయి. అమెరికాలో తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం సైటు missingkids.org లో పేరుతో వెతకవచ్చు. ఫొటో మీద "ఫేక్" అని రాసి తిరిగి పంపడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దానివల్ల ఆ బిడ్డ ముఖం మరికొంత దూరం పాకుతుంది.

అభ్యాసం: మీకు వచ్చిన పెంపుడు జంతువు ఫొటోను ఒకదాన్ని ఎంచుకుని, దాని నేపథ్యంలో మారడానికి వీల్లేని మూడు గుర్తులను ముందుగా కాగితం మీద రాసుకోండి. వెతకడం ఆ తరువాతే మొదలుపెట్టి, ప్రతి ఫలితాన్నీ ఆ మూడింటితో సరిచూడండి. ఫొటో పాతదే అయినా, పోస్టు పెట్టిన ఖాతా నిజమైనదిగా కనిపించే సందర్భాలను వచ్చే పాఠంలో తీసుకుందాం.