ఆడిట్ నేర్చుకుందాం – 4వ పాఠం: బిల్లు ఉంది సరే, సరుకు వెళ్లిందా?

పోయిన పాఠంలో కొనుగోళ్ల బిల్లులు చూశాం. అక్కడ మన అనుమానం కంపెనీ ఖర్చును దాచిందేమో అని. అమ్మకాల దగ్గర అది తిరగబడుతుంది. జరగని అమ్మకాన్ని జరిగినట్టు రాశారేమో అన్నది ఇక్కడ ప్రశ్న. అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణం ఐఎస్ఏ 240 కూడా ఆదాయం నమోదులో మోసం జరిగే ప్రమాదం ఉందనే అనుకుని పని మొదలుపెట్టమంటుంది. ఫలానా కంపెనీలో ఆ ప్రమాదం లేదని ఆడిటర్ అనుకుంటే, ఎందుకు లేదో కారణం రాసి పెట్టుకోవాలి.

పాఠమంతా ఒకే ఉదాహరణతో నడుపుదాం. నీటి పంపులు తయారుచేసే ఒక కంపెనీ అనుకోండి. ఏడాది అమ్మకాలు 12 కోట్లు, ఇన్వాయిస్‌లు దాదాపు 1,800. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది డెలివరీ చలానాల ఫైలు తెప్పించుకుని, అందులోంచి కొన్ని తీసి, ప్రతిదానికీ ఇన్వాయిస్ ఉందా అని చూస్తారు. అన్నీ సరిపోతాయి, మనసు కుదుటపడుతుంది. కానీ ఆ దారిలో దొంగ అమ్మకం ఎప్పటికీ దొరకదు. సరుకు కదలనే లేదు కాబట్టి దానికి చలానా ఉండదు. చలానా లేనిది చలానాల ఫైలులో ఎలా కనిపిస్తుంది? ఆ పద్ధతి వేరే ప్రశ్నకు జవాబిస్తుంది: వెళ్లిన సరుకుకి బిల్లు వేయడం మరిచారా అని.

మనకు కావలసింది ఎదురు దారి. పుస్తకాల్లో ఆదాయంగా రాసిన పద్దు దగ్గర మొదలుపెట్టి, ఇన్వాయిస్‌కి, అక్కడి నుంచి కస్టమర్ ఆర్డర్‌కి, చలానాకి, చివరికి సరుకు చేరిందన్న రుజువుకి వెళ్లాలి. దొంగ పద్దు ఉంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట తెగిపోవాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. శాంపిల్ తీయడానికి బిల్లింగ్ సెక్షన్ ఇచ్చిన ఇన్వాయిస్‌ల జాబితాను అలాగే తీసుకోకండి. ఏడాది చివర ఇన్వాయిసే లేకుండా నేరుగా జర్నల్ ఎంట్రీతో అమ్మకాల ఖాతాలో పద్దు వేస్తే అది ఆ జాబితాలో రాదు. అందుకే ముందు జాబితా మొత్తాన్ని జనరల్ లెడ్జర్‌లోని అమ్మకాల మొత్తంతో కలిపి చూడాలి. తేడా వస్తే, ఆ తేడా ఏమిటో తేలేదాకా శాంపిల్ తీయకూడదు. క్రెడిట్ నోట్లను కూడా జాబితాలోంచి విడదీసి పక్కన పెట్టండి. అవి మైనస్ అంకెలు కాబట్టి కింద చెప్పబోయే ఎంపికను చెడగొడతాయి. పైగా వాటితో వేరే పని ఉంది.

డబ్బు లెక్కన శాంపిల్

1,800 ఇన్వాయిస్‌లలో ప్రతిదానికీ సమాన అవకాశం ఇస్తే చిన్న బిల్లులే ఎక్కువగా వస్తాయి. అందుకని ఆడిటర్లు తరచు ఇన్వాయిస్‌ను కాకుండా డబ్బునే లెక్క పెడతారు. 12 కోట్ల నాణేలను వరుసగా పేర్చినట్టు ఊహించుకోండి. సమాన దూరంలో ఒక్కో నాణేన్ని పట్టుకుంటాం. ఆ నాణెం ఏ ఇన్వాయిస్‌లో ఉంటే ఆ ఇన్వాయిస్ మొత్తం మన శాంపిల్‌లోకి వస్తుంది. బిల్లు ఎంత పెద్దదైతే దొరికే అవకాశం అంత ఎక్కువ.

ఆ దూరం ఎంత ఉండాలి? అమ్మకాల్లో ఎంత తప్పు వరకూ సహించగలమో ముందే నిర్ణయించుకుంటాం. మన ఉదాహరణలో అది 60 లక్షలు అనుకుందాం. తప్పు ఒక్కటీ దొరకదని ఆశిస్తూ 95 శాతం నమ్మకం కావాలంటే, ఆడిటర్లు వాడే శాంపిల్ పట్టికలో ఉండే గుణకం 3. కాబట్టి దూరం 60 లక్షలను 3తో భాగిస్తే వచ్చే 20 లక్షలు. 12 కోట్లలో 20 లక్షల అడుగులు 60 పడతాయి, అంటే సుమారు 60 ఇన్వాయిస్‌లు.

మొదటి అడుగు ఎక్కడ వేయాలన్నది 1 నుంచి 20 లక్షల మధ్య యాదృచ్ఛికంగా తీసిన సంఖ్య చెబుతుంది. 7,35,000 వచ్చిందనుకోండి. ఇప్పుడు జాబితాలో మొత్తాలను కలుపుకుంటూ పోవాలి:

| ఇన్వాయిస్ | మొత్తం | కూడుతూ వచ్చిన మొత్తం |
|---|---|---|
| 1 | 3,10,000 | 3,10,000 |
| 2 | 2,60,000 | 5,70,000 |
| 3 | 4,80,000 | 10,50,000 |
| 4 | 1,20,000 | 11,70,000 |

7,35,000వ నాణెం మూడో ఇన్వాయిస్‌లో ఉంది, అది మనది. తర్వాతి అడుగు 27,35,000 దగ్గర, ఆ తర్వాత 47,35,000 దగ్గర. 20 లక్షలు, ఆపైన ఉన్న ఏ ఇన్వాయిస్ అయినా తప్పించుకోలేదు.

దీని బలహీనత కూడా తెలిసి ఉండాలి. దొంగ బిల్లులను చిన్నచిన్న ముక్కలుగా వేస్తే ఈ వల సులభంగా జారవిడుస్తుంది. అందుకే మార్చి చివరి వారం ఇన్వాయిస్‌లను నేను ఎప్పుడూ విడిగా తీసి చూస్తాను. టార్గెట్ అందుకోవాలన్న టెన్షన్ ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే.

ఒక ఇన్వాయిస్‌ను దగ్గరగా చూద్దాం

శాంపిల్‌లో మార్చి 29 నాటి ఇన్వాయిస్ ఒకటి వచ్చింది. 40 పంపులు, ఒక్కొక్కటి 21,000 చొప్పున 8,40,000. కస్టమర్ ఆర్డర్ ఉంది, పరిమాణం, ధర సరిపోయాయి. చలానాలోనూ 40 పంపులే ఉన్నాయి, కింద కస్టమర్ స్టాంపు, సంతకం ఉన్నాయి. ఇక్కడ టిక్కు పెట్టి ముందుకు పోవాలనిపిస్తుంది. ఆగండి. చలానా ఎవరు ముద్రించారు? కంపెనీయే. స్టాంపు కింద తేదీ ఉందా? లేదు.

కంపెనీ తనకు తానుగా తయారుచేసుకున్న కాగితం కన్నా బయటివాళ్లు రాసిన కాగితం గట్టి సాక్ష్యం. కాబట్టి రవాణా సంస్థ ఇచ్చిన లారీ రసీదు అడుగుతాం. అందులో తేదీ మార్చి 29, బరువు 520 కిలోలు. కంపెనీ కేటలాగు ప్రకారం ఈ మోడల్ పంపు ఒక్కోటి 52 కిలోలు. 40 పంపులంటే 2,080 కిలోలు ఉండాలి. 520 కిలోలంటే పది పంపులే.

ఇప్పుడు గేటు రిజిస్టరు చూడాలి. దాని ఫోటోకాపీ అకౌంట్స్ వాళ్లు పంపితే చాలదు, గేటు దగ్గరికి మనమే వెళ్లి అసలు పుస్తకం తెరవాలి. మార్చి 29న ఒక లారీ బయటికి వెళ్లింది, పది పంపులతో. ఏప్రిల్ 4న అదే కస్టమర్ పేరుతో ఇంకో లారీ, 30 పంపులతో. కథ తేటపడింది. అమ్మకం నిజమే, కస్టమర్ నిజమే, కానీ 6,30,000 విలువైన సరుకు సంవత్సరం ముగిశాక వెళ్లింది. ఆ ఆదాయం వచ్చే ఏడాదిది.

తేదీ తేల్చేటప్పుడు ఒప్పందం షరతు కూడా చదవాలి. లారీ ఎక్కించగానే సరుకు కొనుగోలుదారుడిదైతే గేటు దాటిన తేదీ చాలు. కస్టమర్ గోడౌన్‌లో దించితేనే అమ్మకం అన్న షరతు ఉంటే, అక్కడ దింపుకున్న తేదీ కావాలి. ఆదాయానికి సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15 చూసేది సరుకుపై అదుపు ఎప్పుడు చేతులు మారిందన్నదే.

గేటు దాటిందన్నది కూడా ఆఖరి మాట కాదు. 1980ల చివర అమెరికాలో మినీస్క్రైబ్ అనే హార్డ్ డిస్క్ కంపెనీ పెట్టెల్లో ఇటుకలు పెట్టి పంపించింది. పెట్టెలు కదిలాయి, కాగితాలు పుట్టాయి, సరుకు మాత్రం లేదు. అందుకే దారిని చలానా దగ్గర ఆపకుండా డబ్బు దాకా తీసుకెళ్తాం: ఆ ఇన్వాయిస్‌కి డబ్బు వచ్చిందా, ఆ కస్టమర్ ఖాతా నుంచే వచ్చిందా? పక్కన పెట్టిన క్రెడిట్ నోట్ల పని కూడా ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో వేసినవాటిని చూస్తే మార్చిలో వేసిన అమ్మకాలు వెనక్కి తిరిగాయేమో తెలుస్తుంది.

కాగితం దొరకకపోతే

శాంపిల్ జాబితా ఇవ్వగానే 57 ఇన్వాయిస్‌ల కాగితాలు మధ్యాహ్నానికల్లా వచ్చి, మూడింటివి మాత్రం రోజుల తరబడి రాకపోతే, ఆ ఆలస్యాన్నే ఫైలులో రాసుకోండి. చివరికి వచ్చినప్పుడు చలానా నంబరు ముందూ వెనకా ఉన్న చలానాల వరుసలో సరిగ్గా కూర్చుంటుందా చూడండి. కొత్తగా తయారుచేసిన కాగితానికి ఆ వరుసలో చోటు దొరకడం కష్టం.

అసలు రాకపోతే? "దీని బదులు ఇంకోటి తీసుకోండి సార్" అంటారు. తీసుకోకూడదు. ఐఎస్ఏ 530 ప్రకారం, పరీక్ష చేయడానికి వీలుకాని ఇన్వాయిస్‌కి వేరే నమ్మదగిన సాక్ష్యం కూడా లేకపోతే దాన్ని తప్పుగానే లెక్కించాలి. సక్రమంగా రద్దయిన ఇన్వాయిస్ లాంటి సందర్భాల్లోనే మరొకటి తీసుకోవచ్చు.

దొరికిన తప్పు ఎంత పెద్దది

8,40,000లో తప్పు 6,30,000, అంటే 75 శాతం. ఆ ఇన్వాయిస్ 20 లక్షల అడుగుకి ప్రతినిధిగా వచ్చింది కాబట్టి, మొత్తం అమ్మకాల్లో తప్పు అంచనా 20 లక్షల్లో 75 శాతం, 15 లక్షలు. "ఆరు లక్షలే కదా, సరిదిద్దేస్తాం" అని కంపెనీ అన్నా, చూడని ఇన్వాయిస్‌ల సంగతి మనకు తెలియదు.

ఇంకా ఒక మెట్టుంది. మొత్తం అమ్మకాల్లో తప్పు ఎంత వరకూ ఉండొచ్చన్నదానికి గరిష్ఠ హద్దు, శాంపిల్‌లో ఒక్క తప్పూ లేకపోతే, 3 రెట్లు 20 లక్షలు, అంటే 60 లక్షలు. సరిగ్గా మనం సహించగలిగినంత. పట్టికలో ఒక తప్పుకి గుణకం 4.75, పెరిగింది 1.75. దాన్ని 75 శాతంతో, 20 లక్షలతో గుణిస్తే 26.25 లక్షలు. హద్దు 86.25 లక్షలకు చేరింది, 60 దాటిపోయింది. ఒక్క ఇన్వాయిస్‌తో మన శాంపిల్ ఇచ్చిన భరోసా పోయింది.

అప్పుడు లెక్క పెంచడం కన్నా ముందు కారణం కనుక్కోవాలి. బిల్లింగ్ గుమాస్తా ఆర్డర్ చూసి ముందే బిల్లు వేశాడా, లేక ఎవరైనా వేయమన్నారా? మొదటిదైతే తప్పు మార్చి చివరి రోజుల్లోనే ఉండొచ్చు; ఆ వారంలోని ఇన్వాయిస్‌లన్నింటినీ గేటు రిజిస్టరుతో పోల్చి అసలు తప్పు తేల్చవచ్చు. రెండోదైతే ఇది శాంపిల్ సైజు సమస్య కాదు. వేయమన్న మనిషి చేయి పడిన ప్రతి పద్దునూ, ఆయన ఇచ్చిన ప్రతి వివరణనూ మళ్లీ తూచాలి, విషయాన్ని ఆయన పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

అభ్యాసం

ఒకటి: ఇదే శాంపిల్‌లో 24 లక్షల ఇన్వాయిస్ ఒకటి ఉంది, అందులో 4 లక్షల తప్పు దొరికింది. దీన్ని పై పద్ధతిలో పెంచి లెక్కించాలా? 20 లక్షలు దాటిన ఇన్వాయిస్ ఎలా ఎంపికవుతుందో మళ్లీ చదివి జవాబు రాయండి.

రెండు: ఒక ఇన్వాయిస్‌కి సరుకు గేటే దాటలేదు. "కస్టమరే మా గోడౌన్‌లో ఉంచమన్నారు" అని కంపెనీ ఒక ఉత్తరం చూపించింది. ఆ ఉత్తరం కాక గోడౌన్‌లో మీ కళ్లతో ఏమేమి చూడాలనుకుంటారో రాసుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.